బొడ్డుమీది పట్టీ

సిరిసిల్లలో వెంకటవ్వ కాళ్లమీద పడుకొని నీళ్లు పోయించుకోని పిల్లలు ఆ వాడలో తక్కువ. అలాంటి మనిషి సూరత్‌లో సొంత కొడుకు ఇంట్లో మనవరాలికి ఒక్క చెంబు నీళ్లు కూడా పోయకూడదట! కోడలు జమున ఆసుపత్రి నుంచి వచ్చీరాగానే చెప్పేసింది.

"బొడ్డు ఊడేదాక తానం వద్దన్నరు అత్తమ్మా. తడిగుడ్డతోని తుడువుమన్నరు. పసుపు, నూనె, పౌడరు ఏం పెట్టొద్దన్నది నర్సుబెన్."

"మరి నన్నెందుకు పిలిపించిన్రు? గోడకు చేరబడి చూడనీకా?"

మూతి ముడుచుకుంది గానీ మాట దాటలేదు. చేతులు సబ్బుతో కడుక్కునేది, ఫ్యాను ఆపేది, గోరువెచ్చని నీళ్లు మోచేత్తో చూసుకునేది. పిల్లను దుప్పట్లోనే ఉంచి ముఖం, మెడ మడతలు, చంకలు ఒక్కొక్కటే తుడిచి, తుడిచిన చోటల్లా వెంటనే ఆరబెట్టేది. తెచ్చిన పసుపుపొట్లం సంచి అడుగునే ఉండిపోయింది. ఇంత బుద్ధిగా ఆమె పెళ్లయిన కొత్తలో కూడా ఎవరి మాటా విని ఉండదు.

ఒక్క పట్టీ దగ్గర మాత్రం మనసు ఆగలేదు. బొడ్డుమీద గుడ్డపట్టీ చుట్టకపోతే బొడ్డు ఉబ్బి బయటికి వస్తుందని ఆమె భయం. పట్టీ కట్టొద్దని నర్సు అనలేదు కదా! ఊళ్లో అయితే పాత నూలు ధోవతి చింపేది. ఇక్కడ ఇల్లంతా వెతికినా నూలుపోగు దొరకలేదు. సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపి బతికే ఇల్లు, కట్టేదీ కప్పేదీ అంతా పాలిస్టరే. కొడుకు సురేశ్ కార్ఖానా నుంచి తెచ్చిన తెల్లని చీర ముక్క మెత్తగా, జారుతూ ఉంది. దాన్ని ఉతికి, ఆరేసి, జుబ్బా కింద కనపడకుండా చుట్టింది. రోజూ కొత్త పట్టీ మారుస్తూ, తన తెలివికి తానే మురిసిపోయింది.

ఆ మురిపెం ఒక పొద్దున ఇగిరిపోయింది. పట్టీ విప్పితే బొడ్డు తడితడిగా ఉంది. ఎండి నల్లబడాల్సింది పచ్చిగా, మెత్తగా, గుడ్డకు అంటుకొని వచ్చింది. కొంచెం వాసన కూడా. వెంకటవ్వకు తన మొదటి కాన్పు గుర్తొచ్చింది. పెళ్లయిన మరుసటేడు పుట్టిన పిల్ల బొడ్డు చెడి, జ్వరమొచ్చి, పురుటిస్నానం కాకముందే పోయిన సంగతి సురేశ్‌కు కూడా తెలియదు.

జమున స్నానానికి పోయింది. పట్టీ దాచేయొచ్చు, జుబ్బా సర్దేయొచ్చు. "ఇగో, గిట్లెట్లయిందో" అని ఆశ్చర్యపోవచ్చు. అంతా ఒక్క క్షణం అనుకుంది. పిల్ల కాళ్లు ఆడించింది.

"జమునా! జల్ది రా బిడ్డా. నేనొక పని చేసిన."

జమున తడి జుట్టుతో వచ్చింది. పట్టీ చూసింది, పిల్లను చూసింది. అరవలేదు. "దవాఖానకు పోదాం పాండ్రి," అంది. అరిస్తేనే బాగుండుననిపించింది వెంకటవ్వకు.

సలాబత్‌పురా వెనక సందులోని ఆరోగ్యకేంద్రంలో నర్సుబెన్ హిందీలో అడిగింది, జమున అత్తకు తెలుగులో చెప్పింది. పాలు తాగుతోందా? తాగుతోంది. జ్వరం లేదు. డాక్టరమ్మ చూసి, బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడలేదు, చీము లేదు, గాలాడక చెమ్మ చేరిందంతే అంది. కాచి చల్లార్చిన నీళ్లతో తుడిచి పొడిగా ఒత్తమంది, పట్టీ తీసేసి లంగోటీ బొడ్డుకు కిందుగా మడవమంది. ఎర్రదనం పాకినా, చీము కారినా, పిల్ల పాలు మానేసినా, ఒళ్లు కాలినా వెంటనే తీసుకురమ్మంది. బొడ్డు ఉబ్బడం, ఉబ్బకపోవడం పట్టీ చేతిలో లేదని కూడా నవ్వుతూ చెప్పింది.

వెంకటవ్వ ఇంటికొచ్చి సంచి బోర్లించింది. మంచిరోజు కట్టుకుందామని తెచ్చుకున్న నూలుచీర తీసి, అంచు దగ్గర పళ్లతో కొరికి, సర్రున చింపింది. లంగోటీలు చేసి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసింది.

బొడ్డు నల్లబడింది, ముడుచుకుంది. ఒక మధ్యాహ్నం లంగోటీ మారుస్తుంటే ఎండిన మిరపతొడిమలా ఊడి వచ్చింది. ఎవరూ లాగలేదు. ఊడినచోటు పూర్తిగా ఆరేదాకా కూడా స్నానానికి ఆగమంది వెంకటవ్వే. ఇప్పుడు తొందరంతా జమునదే.

ఆరిన మర్నాడు జమున స్నానాలగదిలో పీట వేసింది. గోరువెచ్చని నీళ్లు తోడింది. అత్త కాళ్లు చాపుకుని కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నువ్వే పొయ్యి బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు. నా మొదటి పిల్లకు కూడా నేనే కట్టిన పట్టీ."

జమునకు అప్పుడు అర్థమైంది, ఆ పొద్దున అత్త అంత గాభరాగా ఎందుకు పిలిచిందో. అత్త చెయ్యి పట్టుకుని పీటమీద కూర్చోబెట్టి, ఆ రెండు కాళ్లమీద పిల్లను పడుకోబెట్టింది.

"ఆ పొద్దు పట్టీ దాచకుండ చూపింది ఈ చెయ్యేగద అత్తమ్మా. పొయ్యి."

వెంకటవ్వ మోచేత్తో నీళ్లు చూసింది. మళ్లీ చూసింది. అప్పుడు పోసింది.