తీసేసిన పదకొండు సెకన్లు

రెండు గంటల పాడ్‌కాస్ట్ వీడియోలోంచి నిమిషం లోపు క్లిప్పులు ఎనిమిదో పదో తీసి, వాటిని ఫోన్‌లో నిలువుగా చూడటానికి వీలుగా మార్చి వదలడం నా పని. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, అచ్చం అదే. కాకపోతే ఈ రోజుల్లో కొండ ఎవరికీ అక్కర్లేదు, అందరికీ ఎలుకే కావాలి.

మా స్టూడియో ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఒక గదిలో గోడలకు నల్ల ఫోమ్, రెండు కుర్చీలు, మూడు కెమెరాలు. ఇంకో గదిలో నేను, నా కంప్యూటర్, ఎప్పుడూ చల్లారిపోయి ఉండే నా టీ. హోస్టే మాకు బాసు. మనిషి చెడ్డవాడు కాదు. అతిథి మాట్లాడుతుంటే నిజంగానే వింటాడు, రికార్డింగ్ అయ్యాక మాత్రం అంకెలే వింటాడు.

ఆ వారం అతిథి మా మేనత్త, అంటే మా నాన్న చెల్లెలు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఊరి ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతోంది. నాకూ ఆవిడే నేర్పింది, నీళ్లు మింగించి మరీ. "నా మొహం రెండు గంటలు ఎవరు చూస్తారే, నీకేమైనా పిచ్చా?" అంది. నేను వదల్లేదు. చివరికి నా మొహం చూసి ఒప్పుకుంది. ఈ ఒక్క ముక్క నాకిప్పుడు గొంతులో ముల్లులా ఉంది.

ఇరవై రెండేళ్ల క్రితం అత్త బ్యాచ్‌లో తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒకడు మునిగి చనిపోయాడు. క్లాసు అయిపోయి అందరూ బట్టలు మార్చుకునే గదికి వెళ్తుంటే, వాడొక్కడూ వెనక్కి పరుగెత్తి లోతు వైపు దూకాడు. అత్త గుమ్మం దగ్గర తలలు లెక్కపెడుతోంది. ఒక తల తగ్గిందని తెలిసి పరుగెత్తేసరికే ఆలస్యమైంది. విచారణలో ఆవిడ తప్పేమీ లేదని తేల్చారు. అత్త మాత్రం ఆ తర్వాత కొన్నేళ్లు మా ఇంట్లో ఏ శుభకార్యానికీ ముందు వరసలో కూర్చోలేదు.

ఆ పిల్లవాడి చెల్లెలు ఇప్పుడు పెద్దదై, కళ్లద్దాల షాపు నడుపుతోంది. పోయిన వేసవిలో తన ఆరేళ్ల కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "టీచర్, దీనికి మీరే నేర్పాలి" అందట. ఆ రోజు అత్త మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఆ సంగతి చెప్పింది. ఆ పాప రెండో వరసలో కాళ్లు ఆడిస్తుంటే చూడటం తప్ప తనకింక ఏమీ అక్కర్లేదంది.

రికార్డింగ్‌లో హోస్ట్ మెల్లగా అడిగాడు: "ఇన్నేళ్ల తర్వాత చెప్పండి. ఆ రోజు మీరు ఇంకేమైనా చేయగలిగి ఉండేవారా?"

అత్త మాట్లాడలేదు. బల్ల మీద ఉన్న తన చేతుల వంక చూసింది. పెదవులు కదిలాయి, మళ్లీ ఆగిపోయాయి. ఆ రోజునంతా మొదటినుంచి చివరిదాకా మళ్లీ ఒకసారి నడిచి వస్తోందని చూసేవాళ్లకు తెలుస్తుంది. అప్పుడంది: "లేదు. ఏమీ లేదు." మధ్యలో పదకొండు సెకన్లు. పూర్తి ఎపిసోడ్‌లో వాటిని నేను ముట్టుకోలేదు, ఆ మాత్రం సిగ్గు అప్పటికి ఉంది.

క్లిప్పుల దగ్గరికి వచ్చేసరికి వేరు. మా దగ్గర నిశ్శబ్దాలు తీసేసే టూల్ ఒకటి ఉంది. అర సెకను దాటి గొంతు వినపడకపోతే, ఆ భాగం కోసేసి అటూ ఇటూ ముక్కల్ని దగ్గరకు లాగి అతికిస్తుంది. మామూలుగా అలా కోసినచోట మనిషి తల ఉన్నట్టుండి పక్కకు గెంతినట్టు కనపడుతుంది, చూసేవాడికి కోత ఉందని అర్థమవుతుంది. ఇక్కడ ప్రశ్న హోస్ట్ కెమెరా మీద ఉంది, జవాబు అత్త కెమెరా మీద ఉంది. కోత సరిగ్గా ఆ రెంటి మధ్య పడింది. అతుకన్నదే లేదు.

చూశాను. అడగ్గానే, ఊపిరైనా తీసుకోకుండా, "లేదు. ఏమీ లేదు" అంటోంది మా అత్త.

చూడలేదని చెప్పే దారి నాకు లేదు. మూడుసార్లు చూశాను. మొదటిసారి, ఇది మా అత్త కాదనిపించింది. రెండోసారి, చూసేవాళ్లకు దెబ్బ బాగా తగులుతుంది అనిపించింది. మూడోసారి చూసేటప్పటికి నేను, మాటల్ని తెర మీద చూపే అక్షరాల రంగు గురించి ఆలోచిస్తున్నాను. "ఏమీ లేదు" అన్నదాన్ని పసుపు చేసి, మిగతావాటికంటే పెద్దది చేశాను. లైకు, షేరు గుర్తులు అడ్డు రాకుండా కాస్త పైకి జరిపాను. చాలామంది సౌండ్ ఆపేసి చూస్తారు కాబట్టి అక్షరాలను వీడియోలోనే కలిపేసి రెండర్ చేస్తాం. అలా కలిసిపోయాక ఇక విడదీయలేం, ఎవరు దించుకుని ఎక్కడికి పంపినా వెంటే పోతాయి. మొత్తం పధ్నాలుగు సెకన్ల క్లిప్.

పెట్టిన సాయంత్రానికే చూసినవాళ్లు లక్ష దాటారు, మర్నాటికి ఆరు లక్షలు. హోస్ట్ నా కుర్చీ వెనక నిలబడి, "అబ్బ, ఏం పట్టావ్!" అన్నాడు. కింద కామెంట్లు చదివాను. రాతి గుండె అన్నారు. ఒక్క క్షణమైనా ఆలోచించలేదు చూడండి అన్నారు. ఇలాంటివాళ్ల చేతిలోనా పిల్లల్ని పెట్టేది అన్నారు. మూడో రోజు క్లిప్ తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అప్పటికే వేరే పేజీలవాళ్లు దించుకుని, పైన ఏడుపు బొమ్మలు అతికించి తిప్పుతున్నారు. నా పసుపు అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ వారమే పాప ఈతకు రావడం మానేసింది.

హోస్ట్ క్షమాపణ రాశాడు: ఆటోమేటిక్ ఎడిటింగ్‌లో సాంకేతిక లోపం వల్ల జరిగింది, చింతిస్తున్నాం అని. నిజంగా అతను అదే నమ్మాడు. అమ్మ కూడా ఫోన్‌లో, "మిషన్‌కేం తెలుస్తుందే మనిషి బాధ, నువ్వు మాత్రం ఏం చేస్తావ్" అంది. ఊఁ అన్నాను. ఆ ఊఁ అన్నందుకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఎవరు టూల్ మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

పదకొండు సెకన్లూ అలాగే ఉంచి కొత్త క్లిప్ చేశాను. "అన్ని సెకన్లు మాట లేకపోతే ఎవరుంటారు?" అన్నాడు హోస్ట్. అయినా పెట్టాను. అతనన్నదే నిజమైంది. ఎంతమంది ఎక్కడిదాకా చూశారో చెప్పే గ్రాఫ్, ప్రశ్న అవగానే కాలు జారినట్టు పడిపోయింది. అత్త నోరు తెరిచేసరికి నూటికి తొమ్మిదిమంది మిగిలారు.

ఇక ఆగలేక ల్యాప్‌టాప్ పట్టుకుని కళ్లద్దాల షాపుకు వెళ్లాను. మధ్యాహ్నం, షాపు ఖాళీగా ఉంది. పిల్లవాడి చెల్లెలు ఒక ఫ్రేముకు మరలు బిగిస్తోంది. నేనెవరినో, ఆ క్లిప్ చేసింది నేనేనని చెప్పుకుని, దారిపొడవునా వల్లె వేసుకున్నది అప్పజెప్పాను: "తప్పు మా అత్తది కాదండీ, నాది. పాపను మాన్పించకండి."

ఆవిడ స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "నేను మాన్పించలేదండీ. టీచరే ఫోన్ చేసి పంపొద్దన్నారు."

"అత్తా?"

"'నా నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా వచ్చిందంటే నేనేం మనిషినమ్మా, పిల్లని ఇంకెక్కడైనా చేర్చు' అన్నారు. నేను ఆ రెండు గంటల వీడియో మొత్తం చూశాను. మా అన్న గురించి కదా. ఆవిడ అలా ఆగిపోయిన చోట ఏడ్చాను కూడా. 'మీరు అలా అనలేదు టీచర్, చాలాసేపు ఆగారు' అని చెప్తే, ఓదార్చడానికి అంటున్నాననుకున్నారు. మీరు చెప్పండి. కోసింది మీరే కదా, మీ మాటైతే నమ్ముతారు."

జనం అత్తను తప్పుగా అనుకున్నారనే ఇన్నాళ్లూ కుమిలిపోతున్నాను. అత్త కూడా ఆ జనంలో ఒకతై కూర్చుందని ఊహించనే లేదు. ఆ పదకొండు సెకన్లు ఆవిడకు గుర్తులేవు. ఆవిడ మనసు అప్పుడు స్టూడియోలో లేదు కదా, ఆనాటి కొలను గట్టున ఉంది. గుర్తున్నదల్లా నేను చేసి ఇచ్చిన పధ్నాలుగు సెకన్లే.

అక్కడి నుంచి నేరుగా అత్త ఇంటికి వెళ్లాను. బల్ల మీద విజిల్, కొలను తాళాలు, బ్యాచ్ రిజిస్టర్ ఒక సంచిలో సర్దుతోంది. పక్కన మడతపెట్టిన కాగితం ఉంది.

"ఏంటత్తా అది?"

"రాజీనామా. రేపిచ్చేస్తాను. కూర్చో, టీ పెడతా."

"టీ వద్దు. ముందు ఇది చూడు." ల్యాప్‌టాప్ తెరిచి అసలు వీడియో పెట్టాను. అత్త అద్దాలు పెట్టుకుని, బడిలో పిల్లలా చేతులు కట్టుకుని చూసింది. తెర మీద తను చేతుల వంక చూసుకోవడం చూసింది. పెదవులు కదలడం చూసింది. అయిపోయాక చెప్పాను. టూల్ తీసేసిందని, తీసేసినట్టు నాకు తెలుసని, మూడుసార్లు చూసి బాగుందని వదిలేశానని, రంగు కూడా నేనే వేశానని. ఏమీ దాచలేదు. చెప్పేశాక మనసు తేలికపడుతుందనుకున్నాను, పడలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

అత్త తిట్టలేదు, కొట్టినా బాగుండేది. అద్దాలు తీసి తుడుచుకుంది.

"అంటే, మధ్యలోది తీసేస్తే నాకు కూడా తెలియదు."

"తెలియదు."

"మరి మధ్యలో పెట్టినా తెలియదుగా?"

"అత్తా, ఇది అసలుది. నీ మీద ఒట్టు. పూర్తి ఎపిసోడ్‌లోనూ ఇలాగే ఉంది, చానెల్‌లో చూసుకో."

"అదీ నువ్వు కోసి పెట్టిందేగా." గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. "ఇంకెక్కడో నేను ఊరికే కూర్చున్న ముక్క తెచ్చి, నేను బాధపడుతున్నానని ఇక్కడ అతికించలేదని నాకేంటే నమ్మకం? ఒట్టూ నీదే, కత్తెరా నీదే."

చూపించడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. మూడు కెమెరాల ఫైళ్లు, వాటి టైము, మైకు రికార్డింగ్. అన్నీ నా కంప్యూటర్‌లోనే, నా చేతి కిందే ఉన్నాయి.

అత్త కాగితం అందుకుంది. సంచిలో పెట్టబోయి ఆగింది. నా వైపు చూసిన చూపులో, నీళ్లలో మొదటిసారి దిగే పిల్లలు గట్టు మీదివాళ్లను చూసే భయం ఉంది.

"నిజం చెప్పవే. నేను ఆగానా?"

"ఆగావత్తా" అన్నాను. నా నోటి నుంచి వచ్చేసరికి అది అబద్ధంలాగే వినిపించింది.