ఇస్త్రీ చేసిన అర్జీ

నీళ్ళు కాచే మెషీన్లు తయారుచేసే కంపెనీ అది. మెషీన్ కాలిపోయిందనీ, కారిపోతోందనీ జనం తిట్టిపోస్తూ రాస్తుంటారు. మూడో అంతస్తులో ఆరుగురు కూర్చుని వాటికి జవాబులు రాస్తారు. ఎవరు రాసిన జవాబైనా సరే, మూల సీటులోని పెద్దాయన చదివి, దిద్ది, అడుగున పొట్టి సంతకం గీకితేగాని గడప దాటదు. ఎంత చిరాగ్గా రాసిన ఉత్తరమైనా ఆయన చేతిలో ముడతలు పోయి మర్యాదగా బయటికొస్తుందని అందరూ ఆయన్ని ఇస్త్రీ బాబాయ్ అంటారు. మొహం మీదే అంటారు. ఆయన కూడా దాన్నొక బిరుదులాగే మోస్తాడు.

ఆ ఏడు ఆఫీసులో గాలి బాగాలేదు. కింది అంతస్తులో ఇద్దరిని ఇంటికి పంపేశారు, మరికొందరి మీద కత్తి వేలాడుతోందని లిఫ్టులో గుసగుసలు. బాబాయ్‌కి భయం లేదని కాదు. ఇంట్లో ఆవిడకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆ ఖర్చంతా భరించేది కంపెనీ బీమా. ఉద్యోగం పోతే బీమా పోతుంది. బీమా పోతే ఏమవుతుందన్నది ఆయన ఎప్పుడూ చివరిదాకా ఆలోచించుకోలేదు. "నేను లేకుండా ఇక్కణ్ణుంచి ఒక్క ఉత్తరం బయటికి పోదే! నన్నెవరు తీస్తారు?" అని ఆవిడకి ధైర్యం చెప్పేవాడు. చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు, పాపం.

ఓ మధ్యాహ్నం భోజనాల వేళ, ఆ ఆరుగురిలో చిన్నదైన అమ్మాయి ఓ కాయితం పట్టుకుని ఆయన బల్ల దగ్గర నిలబడింది. నిలబడి వాతావరణం గురించి మాట్లాడింది, ఫ్యాను గురించి మాట్లాడింది.

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకమ్మా, ఇటివ్వు" అన్నాడు బాబాయ్.

ఇంక్రిమెంట్ కోసం అర్జీ అది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. 'నాలుగేళ్ళుగా గాడిదలా చాకిరీ చేస్తున్నాను. ఇంటద్దె పెరిగింది. నా తర్వాత చేరినవాళ్ళకి నాకంటే ఎక్కువిస్తున్నారు. దయచేసి నా మీద కనికరించి జీతం పెంచండి. లేకపోతే నా దారి నేను చూసుకోవాల్సి వస్తుంది.'

"ఇది అర్జీయా, శాపనార్థాలా? ఒక వాక్యంలో కాళ్ళు పట్టుకున్నావు, ఇంకో వాక్యంలో జుట్టు పట్టుకున్నావు."

అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా బాబాయ్."

"అడగాలి. ఎలా అడగాలో తెలిసి అడగాలి. కూర్చో."

ఎర్రపెన్ను తీశాడు. ఆ పెన్ను చేతికొస్తే ఆయనకి వయసు సగమైపోతుంది. గాడిద పోయింది. ఇంటద్దె పోయింది. "నీ ఇంటద్దె నీ గొడవ. కంపెనీకి ఏం ఒరిగిందో అది చెప్పు." పక్కవాళ్ళ జీతం పోయింది. "వాళ్ళ ఊసెత్తితే నీ పని పక్కకి పోయి అసూయ ముందుకొస్తుంది. బయట ఇదే పనికి ఇంతనుంచి ఇంతదాకా ఇస్తున్నారని రాయి, ఎక్కడ చూశావో అది కూడా రాయి." కనికరం పోయింది, బెదిరింపూ పోయింది. "పన్నెండు శాతం అని స్పష్టంగా అడుగు. ఆ కిందే, దీని గురించి కూర్చుని మాట్లాడే అవకాశం ఇవ్వమను. అంకె గట్టిగా ఉండాలి, గొంతు నెమ్మదిగా ఉండాలి. వచ్చే ఏడు ఖర్చుల లెక్క ఖాయం కాకముందే, ఈ వారంలోనే ఇచ్చెయ్."

"మరి నేను చేసిందేం రాయను? రోజూ చేసే పనే కదా."

"రుజువు లేని అర్జీ అడుక్కోవడమే అవుతుంది. తరచూ వచ్చే ఫిర్యాదులకి నమూనా జవాబులు తయారుచేశావు కదా, ఇప్పుడు ఆరుగురూ అవే వాడుతున్నారు. దానివల్ల ఏమైంది?"

"జవాబులు తొందరగా పోతున్నాయి."

"ఎంత తొందరగా? తప్పులెన్ని తగ్గాయి?" అని తనే కంప్యూటర్ తెరిచాడు. దిద్దిన ప్రతి ఉత్తరానికీ ఆయన దగ్గర లెక్క ఉంది. నమూనాలు రాకముందు వందకి నలభై ఉత్తరాలు దిద్దాల్సి వచ్చేది. ఇప్పుడు మూడు. "చూశావా! బంగారంలాంటి రుజువు. ఇంతకంటే ఏం కావాలి?"

అమ్మాయి ఆ అంకెల వంక చూసింది. తర్వాత ఆయన చేతిలోని ఎర్రపెన్ను వంక చూసింది. "బాబాయ్, ఇది వద్దులెండి. వేరే ఏదైనా రాద్దాం."

"ఎందుకొద్దు?"

"దిద్దేది మీరు కదా..."

"దిద్దింది నేను కాబట్టే ఈ లెక్కకి విలువ! మొహమాటపడితే పనులు కావమ్మా."

ఆమె కాయితం వెనక్కి తీసుకోబోయింది. ఆయన అప్పటికే రాసేస్తున్నాడు. 'నేను రూపొందించిన నమూనాల వల్ల దిద్దుబాటు అవసరమయ్యే ఉత్తరాలు వందకి నలభై నుంచి మూడుకి తగ్గాయి. విభాగం ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా జవాబులు పంపగలదు.' రాసి, గట్టిగా చదివి, నవ్వుకున్నాడు. అంత చక్కటి వాక్యం తన చేత్తో ఈమధ్య రాలేదని ఆయన నిజంగానే మురిసిపోయాడు. కూర్చున్న కొమ్మని నరికేవాళ్ళు చాలామందే ఉంటారు. గొడ్డలి పదునుని మెచ్చుకుంటూ నరికేవాళ్ళు అరుదు.

"మీరు దేవుడు బాబాయ్" అంది అమ్మాయి. మునగచెట్టు ఎక్కడానికి ఆయనకి ఆ మాత్రం చాలు.

వారం తిరక్కుండా మేనేజరమ్మ ఆ అమ్మాయిని గదిలోకి పిలిచింది. గంటసేపు తలుపు మూసే ఉంది. అమ్మాయి బయటికొచ్చి తిన్నగా తన సీటుకి పోయి కూర్చుంది. మూల వైపు చూడలేదు. పన్నెండు అడిగితే పదిహేను ఇచ్చారట, అదీ పక్క సీటతను చెబితే బాబాయ్‌కి తెలిసింది.

"చూశావుటే, నా చేతి చలవ!" అన్నాడు ఆ రాత్రి ఆవిడతో.

"ఊళ్ళోవాళ్ళందరికీ రాసిస్తారు. మీకోసం ఒక్కటి రాసుకోకూడదూ?" అంది ఆవిడ, డయాలసిస్ సూదులకి వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని.

"రాస్తాలే" అన్నాడు. ఏం రుజువు పెట్టాలా అని ఆలోచిస్తూ పడుకున్నాడు. ఒక్కటీ తట్టలేదు. మర్నాడు ఆఫీసులో ట్రే చూస్తే మొత్తం కలిపి దిద్దాల్సినవి రెండే ఉన్నాయి. ఉన్న ఆ రెంటినే ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

నెలాఖరు ఇంకో వారం ఉందనగా అమ్మాయి ఒక ఉత్తరం తెచ్చి ట్రేలో పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఈసారి వాతావరణం గురించి మాట్లాడలేదు.

"ఏంటమ్మా?"

"బయటికి పోయే ప్రతి ఉత్తరం మీరు చూడాల్సిందేనంది మేడం. ఇది కూడా." కాయితం బల్ల మీద పెట్టింది. "నన్నే రాయమంది బాబాయ్. నేను కాదంటే ఇంకెవరో మోటుగా రాసేవాళ్ళు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. మొదటి వాక్యంలో ధన్యవాదాలున్నాయి. రెండో వాక్యంలో ఇరవై రెండేళ్ళ సేవ ఉంది. తర్వాత అంకెలు. వందకి నలభై, ఇప్పుడు మూడు, లెక్క ఎక్కడిదో కూడా రాసి ఉంది. అందువల్ల ఈ పోస్టు ఇక అవసరం లేదని కంపెనీ భావిస్తోంది. బీమా ఈ నెలాఖరుదాకా వర్తిస్తుంది. సందేహాలుంటే కూర్చుని మాట్లాడడానికి సిద్ధం. జాలి లేదు, కోపం లేదు, ఎక్కడా గొంతు పెరగలేదు. పొమ్మనలేక పొగబెట్టడం కూడా కాదు, ఎంతో మర్యాదగా పొమ్మనడమే.

పైనున్న పేరు ఆయనది. ఆయన చెయ్యి అలవాటుగా ఎర్రపెన్ను మీదికి పోయింది. మొదటినుంచి మళ్ళీ చదివాడు. బతుకులో ఎప్పుడూ కోరుకోనంతగా ఒక్క తప్పు కావాలనిపించింది. ఒకే ఒక్క ముడత. తప్పుంటే ఉత్తరం వెనక్కి పోతుంది, వెనక్కి పోతే తన అవసరం ఇంకా ఉన్నట్టే. మూడోసారి వేలు పెట్టి, ఒక్కో మాటా చదివాడు.

"ఏమైనా మార్చాలా బాబాయ్?" అంది అమ్మాయి. కళ్ళల్లో నీళ్ళున్నాయి. అయినా ఆ గొంతులో, బాగుందని చెబుతాడేమోనన్న చిన్న ఆశ కూడా ఉంది. అది ఆయనకి వినిపించింది. ఆ గొంతుని సానపట్టింది ఆయనే.

"లేదమ్మా. దిద్దడానికేం లేదు" అన్నాడు బాబాయ్.

అడుగున పొట్టి సంతకం గీకి, కాయితాన్ని బయటికి పోయే ట్రేలో వేశాడు.