ముందొచ్చినవాళ్లు వెనకెందుకు వెళ్లారు

"వర్ణన ఎక్కువైంది, విశ్లేషణ కనిపించలేదు. ముందొచ్చినవాళ్లు కొందరు వెనకెందుకు వెళ్లారో చెప్పలేదు. ఏం మారుస్తారో రాసి పంపండి. అది చూసి మళ్లీ సమర్పించనిస్తాను."

నా ప్రాజెక్టు దిద్దిన మేడమ్ రాసింది ఇంతే. నా జవాబు ఆవిడకి నచ్చకపోతే సబ్జెక్టు పోతుంది, దాంతోపాటు ఏడాదీ పోతుంది. నాకు ఒళ్లు మండింది. పిన్ని రిసెప్షన్‌లో పనిచేసే పళ్ల డాక్టరు క్లినిక్‌లో వారమంతా కూర్చుని, ఎవరెప్పుడొచ్చారు, ఎప్పుడు లోపలికెళ్లారు, ఏ కుర్చీ కిర్రుమంది, అన్నీ రాశాను. ఇంకేం కావాలట?

క్లాస్‌మేట్‌ని అడిగితే, "నాలుగు సిద్ధాంతాలు ఇరికించు" అన్నాడు. ఎక్కడ ఇరికించాలో వాడికీ తెలీదు.

చివరికి రాశాను: "మేడమ్, మరికొన్ని పట్టికలు చేరుస్తాను." కూరగాయలు తరుగుతున్న పిన్నికి చదివి వినిపించాను. ఆవిడింట్లోనే ఉండి చదువుకుంటున్నాను మరి.

"పట్టికలు కావాలందా ఆవిడ?"

"లేదు. ముందొచ్చినవాళ్లు కొందరు వెనకెందుకు వెళ్లారో చెప్పలేదట."

పిన్ని కత్తి ఆపింది. "నన్నడగొచ్చు కదరా. గోల చేసేవాళ్లని ముందు పంపేస్తాను. లేకపోతే డాక్టరుకి నామీద చెప్తారు. నోరు లేనివాళ్లు కూర్చుంటారు."

సంతోషించాలో తల పట్టుకోవాలో అర్థం కాలేదు. విశ్లేషణ దొరికింది, దాంతోపాటు పిన్ని కూడా దొరికిపోయింది.

"నువ్వు ఒప్పుకుంటేనే ఇది రాయాలి పిన్నీ."

"రాసుకో. పేరు మాత్రం రాయకు."

"ఆ రిసెప్షన్ బల్ల దగ్గర ఉండేది నువ్వొక్కదానివే కదా."

పిన్ని తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. తర్వాత, "డాక్టరు ఒకే టైముకి ముగ్గురిని రమ్మంటాడు. అది రాశావా?" అంది.

రాశాను. పట్టికలో ముగ్గురు పేషెంట్లకి ఒకే టైము, పక్కపక్కనే ఉంది. నా చేత్తో రాసి, నేనే చూడలేదు.

జవాబు మొదటి నుంచీ మార్చాను. "మేడమ్, ఎవరెంతసేపు కూర్చున్నారో చెప్పాను గానీ ఎందుకో అడగలేదు. పట్టికల్లో ఒక్కటి ఉంచి మిగతావి అనుబంధంలోకి పంపుతాను. బల్ల దగ్గరి మనిషి భయమా, ఒకే టైముకి ముగ్గురిని పిలవడమా, రెండు కారణాలనూ నా ఆధారాలతో పోల్చి చూస్తాను. వాటికి లొంగనివి ఉంటే అవీ చెప్తాను. ఆ ఉద్యోగి నా బంధువు. ఆవిడ మాటలు వాడుకోవడం గురించి మీ సలహా కావాలి."

ఇది సరైనదో కాదో ఇప్పటికీ తెలీదు. పిన్నికి చదివాను. తలూపి, మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

"ఆ వారంలోనే నీకు పన్ను నొప్పొచ్చింది, గుర్తుందా? అందరికంటే ఎక్కువసేపు కూర్చోబెట్టాను నిన్ను. సొంతవాడివి, ఏమీ అనవులే అని."

గుర్తుంది. పట్టికలో ఆఖరి వరసలో 'యువకుడు, అందరికంటే ఎక్కువసేపు' అని ఉన్నది నేనే. అక్కడా ఎందుకని రాయలేదు.