పన్నెండు గౌన్ల మడతల్లో

మా ఇంట్లో ఆకు వేయకుండా బట్ట మడవరు. ఎండిన వేపాకు గుప్పెడు మడతల మధ్య చల్లితే పురుగు దగ్గరికి రాదు. ఇది అమ్మ నాకు ప్రత్యేకంగా నేర్పిన పని కాదు. తలుపు వేయగానే చేయి గొళ్ళెం వైపు పోయినట్టు, బట్ట మడవగానే చేయి ఆకుల డబ్బా వైపు పోతుంది.

ఆ నెలలో మేం మడిచినవి మామూలు బట్టలు కావు. పరాయి దేశంలో ఉన్న మా మేనత్త కూతురి పెళ్లికి పన్నెండు గౌన్లు. పెళ్లికూతురి వెంట నడిచే ఆడపిల్లల కోసం, నాలుగేళ్ల దాని దగ్గర నుంచి పద్నాలుగేళ్ల దాని వరకు. అన్నీ లేత నీలం, అంచున తెల్లదారంతో కుట్టుపని.

"బాగా కుట్టావనుకో, ఇక్కడ మనవాళ్లు నలభై ఇళ్లవాళ్లున్నారు. పెళ్లిలో అందరి కళ్లూ ఆ పిల్లల మీదే ఉంటాయి. ఆ తర్వాత నువ్వు వద్దన్నా వదలరమ్మాయ్," అంది అత్త ఫోన్‌లో.

ఆ ఒక్క మాట పట్టుకుని అమ్మ షాపు మానేసింది. తొమ్మిదేళ్లుగా ఆమె పనిచేసిన కుట్టు షాపు అది. యజమానురాలిని మేం ఇంట్లో కత్తెరమ్మ అంటాం. ఆమె చేతిలో కత్తెర ఎప్పుడూ ఉంటుంది, మాటలోనూ ఉంటుంది. అమ్మ మూడు వారాలు సెలవు అడిగితే, "పెళ్లి మీ ఆడపడుచు కూతురిదా, నీదా?" అని అందరి ముందూ నవ్విందట. అమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఇకమీదట మీ షాపు ముందు నుంచి పోవాల్సొస్తే చుట్టు తిరిగైనా పోతాను గాని, గడప మాత్రం తొక్కను," అనేసి వచ్చింది.

ఇంటికి వచ్చి అదే మాట నాకు నాలుగుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొంచెం ఎత్తు పెరిగినట్టు కనిపించింది. నాన్న లారీ మీద వెళ్తే పది పదిహేను రోజులకు గాని రాడు. ఫోన్‌లో విని, "సరే, నీ ఇష్టం," అన్నాడు. ఆయన ఆ మాట అన్నాడంటే భయపడుతున్నాడని అర్థం.

ఇరవై రోజులు ఇల్లంతా నీలం. వంటగదిలో నీలం ముక్కలు, నా పుస్తకాల మీద నీలం దారాలు. స్కూల్ నుంచి రాగానే నేను హుక్కులు కుట్టేదాన్ని, దారాలు తుంచేదాన్ని. చివరి గౌను ఇస్త్రీ అయ్యేసరికి పెళ్లికి పదిహేడు రోజులుంది.

అమ్మకు కుట్టు భయం లేదు, కస్టమ్స్ భయమే. "వాళ్లు విప్పుతారంటగా? కొత్త బట్టలని పన్ను వేస్తారంటగా?" అని అత్తను రోజూ అడిగేది.

"బహుమతి అని రాయించు. పాత బట్టలని రాయిస్తే ఇంకా మంచిది. ఇక్కడ అందరూ అదే చేస్తారు," అంది అత్త.

అమ్మ ఫోన్ పెట్టేసింది. "పన్నెండు కొత్త గౌన్లు పెట్టి పాతవని రాస్తే, చూసినవాడు నవ్వడూ? ఉన్నదున్నట్టు రాద్దాం. నిజానికి ఎవడేం చేస్తాడు?" అంది.

మర్నాడు గౌన్లు మడిచాం. అమ్మ మడుస్తుంటే నేను ఆకు చల్లాను. ఎక్కువ దూరం పోతున్నాయి కదా అని రెండు గుప్పెళ్లు ఎక్కువే వేశాను. తర్వాత మూడు పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో దూర్చి, గాలి పోవడానికి వాటి మీద కూర్చున్నాం. బరువు ఒక్కటే చాలదు, పెట్టె ఎంత పెద్దదో కూడా కొలిచి దేనికి ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారని పార్శిల్ ఆఫీసులో ముందే చెప్పారు. నా కింద సంచి గరగరలాడింది. అమ్మ నవ్వుతూ, "కూర్చోవే గట్టిగా, ఇంత తిని ఏం లాభం?" అంది. ఆ ఇరవై రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడే.

పార్శిల్ ఆఫీసు ఇరుకు గది. తూకం, ఒక బల్ల, గోడకు ఒరిగిన అట్టపెట్టెలు. అక్కడ పనిచేసే ఆయన్ని అందరూ టేపు బాబాయ్ అంటారు. ముంజేతికి టేపు చుట్ట గాజులా వేసుకుని తిరుగుతాడు. మా వెనుక ఏడెనిమిది మంది నిలబడ్డారు.

"ఎప్పటికి చేరతాయి బాబాయ్?" అడిగింది అమ్మ.

"ఏడు నుంచి పది పనిదినాలమ్మా. సెలవులు లెక్కలోకి రావు. కస్టమ్స్‌లో ఆగితే మాత్రం నన్నడక్కు, ఆ దేవుణ్ణడుగు."

"పెళ్లికి పదహారు రోజులుంది."

"అయితే ముందే చేరి పెళ్లికొడుకు కోసం ఎదురుచూస్తుంటాయిలే," అన్నాడు. వరుసలో ఎవరో నవ్వారు.

ఫారం నాకిచ్చాడు. అది మనది కాని భాషలో ఉంది. అమ్మకు చదవడం రాదు, నాకు స్కూల్లో నేర్పారు. ఏ బట్ట, ఎన్ని, కొత్తవా పాతవా, ఒక్కోటి ఖరీదెంత అన్నీ నిజమే రాశాను. కింద ప్రశ్నలున్నాయి. తినే పదార్థాలున్నాయా? లేవు. మందులు? లేవు. మొక్కలు, ఆకులు, విత్తనాలు? లేవు. అబద్ధం రాస్తున్నానని అనుకోలేదు. మేం పంపేది గౌన్లు. ఆకు పంపే వస్తువని నాకు తట్టలేదు. మడత ఎలాగో, ఇస్త్రీ ఎలాగో అదీ అంతే.

సంతకం పెట్టి ఇచ్చాను. టేపు బాబాయ్ సంచులను పెట్టెలో సర్ది, మూత పడక మోకాలితో నొక్కాడు. లోపల గరగరమంది.

అప్పుడు తట్టింది.

టేపు చర్రుమంటూ పెట్టె చుట్టూ తిరుగుతోంది. ఒక చుట్టు, రెండు చుట్లు. అమ్మ కొంగు పట్టుకుని లాగాను.

"ఏంటే?"

టేపు బాబాయ్ నా వైపు చూశాడు. వరుసలో వాళ్లూ చూశారు. ఒకాయన, "త్వరగా కానివ్వండమ్మా, మాకూ పనులున్నాయి," అన్నాడు. నేను నలుగురిలో నోరు విప్పితే చెవులదాకా ఎర్రబడతాను. స్కూల్లో హాజరు పలకడానికే టీచరు రెండుసార్లు పిలవాలి.

"ఏం లేదు," అన్నాను.

"మంచినీళ్లు కావాలేమో, ఇంటికెళ్లాక తాగుదువుగాని," అంది అమ్మ. అంతే. పెట్టె తూకం మీదికెక్కింది.

ఆ రాత్రి నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎండుటాకు, ఎవరికేం హాని? ఎవరు చూస్తారు?

రోజూ స్కూల్ నుంచి రాగానే అమ్మ ఫోన్ నా చేతికిచ్చేది. పార్శిల్ నంబరు కొట్టి ఎక్కడుందో చదివి చెప్పేదాన్ని. బయలుదేరింది. విమానం దిగింది. ఆరో రోజు, ఆ దేశంలో ఉంది. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, "ఇంకా పది రోజులుంది," అని తృప్తిగా అంది. అప్పటికే పక్కింటామెకు, ఇంకో మిషను కొంటే ఎక్కడ పెట్టాలో కూడా చూపించింది.

ఏడో రోజు ఫోన్‌లో కొత్త మాట కనిపించింది. తనిఖీ కోసం నిలిపారు.

"పన్ను గురించే అయ్యుంటుంది. కాగితాల్లో అంతా నిజమే ఉందిగా, వదిలేస్తారు," అంది అమ్మ.

నేను తలూపాను.

ఎనిమిదో రోజు అదే మాట. తొమ్మిదో రోజూ అదే. పదో రోజు సాయంత్రం అత్త ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టింది అమ్మ.

"ఏమ్మాయ్, గౌన్లలో ఏం పెట్టావు?"

"ఏం పెడతాను వదినా? గౌన్లే."

"ఆకులు! ఉత్తరం వచ్చింది, ఫొటోలతో సహా. పన్నెండింట్లోనూ నలిగి, పొడిపొడై, కుట్టుపనిలోకి దూరిపోయాయట. ఫారంలో లేవని రాసి, లోపల ఇంత చెత్త పంపిస్తే వాళ్లు ఊరుకుంటారా? నా పేరు మీద రాసుకున్నారు తెలుసా, ఇకమీద నాకొచ్చే ప్రతి పార్శిలూ విప్పుతారట!"

అమ్మ నా వైపు చూడలేదు.

"ఇప్పుడేం చేయాలి వదినా? ఆకు తీసేస్తే ఇచ్చేస్తారేమో?"

"తీస్తే పోయేలా ఉంటే ఇంత గొడవెందుకు? మందు పొగ పెట్టించి శుద్ధి చేయించాలట, దానికి రెండు మూడు వారాలు, ఖర్చు మాదే. లేదా వెనక్కి పంపాలి, అదీ మా ఖర్చే. లేదా వాళ్లే కాల్చి నాశనం చేస్తారు, దానికేం అడగరు. పెళ్లి ఆరు రోజుల్లో పెట్టుకుని నేను గౌన్లకు పొగ పెట్టించనా?"

"మరి..."

"నాశనం చేయమని పొద్దున్నే సంతకం చేసి పంపాను. ఇక్కడే కొనేశాం, గులాబీరంగువి. బాగానే ఉన్నాయి."

బాగానే ఉన్నాయి అన్న మాట దగ్గర అమ్మ కళ్లు మూసుకుంది. "నన్నొక్కమాట అడగాల్సింది వదినా," అంది, వినీ వినపడకుండా.

"అడిగితే ఏం చేసేదానివి? ఎగిరొచ్చి ఏరేదానివా? ఆ ఆకులెవరు పెట్టమన్నారసలు?"

"ఎవరూ పెట్టమనలేదు. నేనే పెట్టాను. నాదే బుద్ధి తక్కువ."

"మా వాళ్లంతా నవ్వుతున్నారు, మీ మరదలు గౌన్లతో పాటు చెట్టు కూడా పంపిందా అని. సరే ఉంటాను, పెళ్లి పనులున్నాయి."

అమ్మ ఫోన్ బోర్లా పెట్టింది. మిషను దగ్గరికెళ్లి కూర్చుని, గుడ్డ లేకుండానే ఊరికే తొక్కింది. సూది కిందికీ పైకీ ఆడింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"అమ్మా, నాకు గుర్తొచ్చింది."

"ఏంటి?"

"ఆకులున్నాయని. ఆఫీసులోనే. టేపు వేస్తుంటే."

మిషను ఆగింది. అమ్మ నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"కొంగు లాగింది దానికా?"

తలూపాను.

"టేపు కోయడానికి ఎంతసేపు పట్టేదే?" అంది. "కోసి, విప్పి, దులిపి, మళ్లీ మడిచి... ఒక గంట. ఒక్క గంట."

"అందరూ చూస్తున్నారమ్మా."

"చూస్తే ఏమైంది? అరిగిపోతావా?" గొంతు పెంచలేదు. "నేను తిట్లు తిన్నాను సరే. ఇరవై రోజుల పని, కన్నతల్లి పని, మంట్లో వేస్తుంటే కూడా నీకు నలుగురి చూపులే పెద్దవయ్యాయి."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఓదార్చలేదు.

"ఏడుపు నాకొద్దు. రేపు స్కూలుకెళ్లే ముందు ఆ కత్తెరమ్మ దగ్గరికి వెళ్లు. మా అమ్మ మళ్లీ పనికొస్తుంది, రానివ్వండని అడుగు. నేను గడప తొక్కనన్నాను, తొక్కను. ముందు నువ్వు తొక్కు."

రాత్రంతా ఆ వాక్యాన్ని లోపల్లోపల చెప్పుకున్నాను. పొద్దున షాపుకెళ్లేసరికి నలుగురు కుట్టేవాళ్లు, ఇద్దరు కొనేవాళ్లు ఉన్నారు. కత్తెరమ్మ గుడ్డ కత్తిరిస్తూ నన్ను చూసింది.

"ఓహో! చుట్టు తిరిగి వచ్చావా, తిన్నగానే వచ్చావా?"

మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. నా చెవులు వేడెక్కాయి. చెప్పాను.

"వినపడటం లేదమ్మా."

మళ్లీ చెప్పాను.

"అబ్బే, ఇంకాస్త గట్టిగా. అదిగో, ఆ మూల అమ్మాయికి కూడా వినపడాలి."

అప్పుడు అరిచాను. "మా అమ్మ మళ్లీ పనికొస్తుంది. దయచేసి రానివ్వండి." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రోడ్డు మీద పోయే ఒకాయన ఆగి లోపలికి చూశాడు.

కత్తెరమ్మ కత్తెర బల్ల మీద పెట్టింది. "పిల్లకు ఇంత గొంతుందని తెలియదే! కత్తిరించే పనికి వేరే మనిషిని పెట్టుకున్నాను. గుండీలు, హుక్కులు కుట్టే పనుంది. వస్తే రమ్మను."

ఇంటికి వచ్చి చెప్పాను. అమ్మ బియ్యం కడుగుతోంది. తొమ్మిదేళ్లు ఆ షాపులో గుడ్డకు మొదటి కత్తెర వేసింది అమ్మే.

"గుండీలా," అంది. నీళ్లు వంపింది. "ఎన్నింటికి రమ్మంది?"

నాకు ఆ మాట అడగడం తట్టలేదు. అమ్మ నా ముఖం చూసి అర్థం చేసుకుంది.

"వెళ్లి అడిగి రా," అంది.