సగం మింగేసిన హోంవర్కు

కెమిస్ట్రీ టీచరు లెక్క తప్పిందని ఇరవై ఏళ్ళలో ఒక్కరూ అనలేదు. అనే ధైర్యం ఎవరికుంది కనుక! అలాంటిది ఆ మధ్యాహ్నం ల్యాబు గుమ్మంలో ఒక పిల్ల కాగితం పట్టుకుని నిలబడింది. ఎప్పుడు చూసినా గాజు సామానుతోనే ఉంటుందని క్లాసంతా ఆమెను బీకరమ్మాయి అంటారు.

“టీచర్, గోడ మీది జాబితాలో నాకు డెబ్బై శాతం వేశారు. నేను లెక్కేస్తే డెబ్బై ఎనిమిది వస్తోంది.”

“అబ్బో! అయితే ఇక నుంచి మార్కులు నువ్వే వేసుకో,” అంది టీచరు, టీ కప్పు ఠక్కున పెట్టి.

నవ్వులాట కాదు. వచ్చే ఏడాది ప్రత్యేక ల్యాబు తరగతిలో చేరాలంటే డెబ్బై అయిదు శాతం రావాలి. నాలుగు గంటలకల్లా జాబితా పెద్దసారుకి అందాలి. ఆ తరగతి కోసం ఈ పిల్ల ఏడాదంతా కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసిందని టీచరుకూ తెలుసు. అందుకే విసుక్కుంటూనే కంప్యూటరు ఆమె వైపు తిప్పింది.

“చూసుకో. హోంవర్కు రెండు వందలకి నూటపది. ప్రయోగాలు వందకి తొంభై. పరీక్షలు వందకి ఎనభై. మొత్తం నాలుగు వందలకి రెండు వందల ఎనభై. డెబ్బై శాతమా, కాదా?”

“మార్కులు అవే టీచర్. కానీ హోంవర్కుకి ఇరవై శాతం, ప్రయోగాలకి ముప్పై, పరీక్షలకి యాభై అని మొదటి రోజు మీరే రాసిచ్చారు కదా? హోంవర్కులో నాకొచ్చింది యాభై అయిదు శాతం, అంటే ఇరవైకి పదకొండు. ప్రయోగాల్లో తొంభై శాతం, ముప్పైకి ఇరవై ఏడు. పరీక్షల్లో ఎనభై శాతం, యాభైకి నలభై. కలిపితే డెబ్బై ఎనిమిది.”

టీచరు పెన్ను తీసి రెండు రకాలుగానూ వేసింది. మళ్ళీ వేసింది. విచిత్రం, కూడికలో తప్పు ఎక్కడా లేదు!

అప్పుడు వెలిగింది. కంప్యూటరు మార్కులన్నీ ఒకే గంపలో పోసి కలిపేసింది. ఆ నాలుగు వందల్లో హోంవర్కువే రెండు వందలు. ఇరవై శాతం ఉండాల్సిన హోంవర్కు సగం మింగేసి కూర్చుంది. యాభై శాతం కావలసిన పరీక్షలు పాతికకి దిగాయి. దీనికి కారణం ఎవరు? ఏడాది మొదట్లో అయిదు హోంవర్కులు చాలనుకుని, ఊపులో ఇరవై ఇచ్చిన మహాతల్లి తనే! ఒక్కోదానికి పది మార్కులు. ఇచ్చిన ప్రతిసారీ మిగతా వాటి వాటా తరిగిపోయింది. సాయంత్రాలు కవల తమ్ముళ్ళను ఎత్తుకుని తిరిగే ఈ పిల్ల వెనకబడిందీ ఆ హోంవర్కులోనే.

“నీదే ఒప్పమ్మాయ్,” అంది టీచరు.

అందరి లెక్కా మళ్ళీ వెయ్యాలి. వరసగా వేసుకుంటూ పోయి, ఒక పేరు దగ్గర ఆగిపోయింది. తన కొడుకు, చిన్నోడు. హోంవర్కు నూట తొంభై, ప్రయోగాలు అరవై, పరీక్షలు అరవై. గంపలో పోస్తే డెబ్బై ఏడున్నర. రాసిచ్చిన ప్రకారమైతే పంతొమ్మిది, పద్దెనిమిది, ముప్పై. వెరసి అరవై ఏడు. తరగతి గల్లంతు.

చిన్నోడికి సీటు ఖాయమని అక్కచెల్లెళ్ళందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకుంది. పాత జాబితా అలాగే పంపేస్తే అడిగేదెవరు? అడిగింది ఈ పిల్ల ఒక్కతే. తల ఎత్తి చూస్తే, ఆ పిల్ల ఊపిరి కూడా పీల్చకుండా నిలబడి ఉంది. టీచరుకి తన మీద తనకే సిగ్గేసింది. గోడ మీది కాగితాన్ని పీకేసి, కొత్త జాబితా నాలుగుకి అయిదు నిమిషాల ముందే తనే పట్టుకెళ్ళి ఇచ్చింది. బీకరమ్మాయి వరండా అంతా గంతులేసి, ఎదురొచ్చిన అటెండరుకి కూడా చెయ్యి కలిపింది.

ఇంటికెళ్ళాక చిన్నోడిని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏడ్చినంత పని చేస్తూ జరిగిందంతా చెప్పింది. “నా చేత్తో నేనే నీ సీటు పోగొట్టాను రా!”

వాడు పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వాడు.

“అమ్మా, ఆ హోంవర్కులన్నీ ఈ బల్ల మీదే కదా చేశాం? పక్కన కూర్చుని ప్రతి జవాబూ చెప్పింది నువ్వే కదే! అరవై ఏడు నాది. ఆ పైనున్న పదిన్నరా నీది. వచ్చే ఏడాది ఆ తరగతికి నువ్వెళ్ళు!”

టీచరు వాడి చెవి మెలిపెడదామని చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి వాడి జుట్టులోకి పోయింది. తనకి కూడా నవ్వు ఆగలేదు.