ఎనిమిదేళ్ల గడి

ఆ ఫారం నింపింది నేనే. అందుకే ఇది రాయడం కొంచెం కష్టంగా ఉంది.

నా భార్య ప్రేమలత ల్యాబ్ టెక్నీషియన్. మా అమ్మ సాయమ్మ పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్లు ఆమెను చూసుకుంది. అమ్మ పోయి నెల మాసికం పెట్టిన మరుసటి వారమే, మళ్లీ పనికి పోతానంది. చంద్రపూర్‌లో మహాకాళి గుడి దగ్గర నాకు కొబ్బరికాయల దుకాణం. గిరాకీ లేని వేళ చూసి, ఆమె పాత ల్యాబు వాళ్ల మరాఠీ ఫారం నేనే నింపి ఇచ్చి వచ్చాను.

పిలిచిన రోజు ఇద్దరం వెళ్లాం. ల్యాబు డాక్టరు వైశాలి మేడం ఆ కాగితం చూస్తూ మరాఠీలో అడిగింది. "గడచిన ఎనిమిదేళ్లలో చేసిన పని అన్నచోట 'కాహీ నాహీ' అని ఉంది. ఏమీ చెయ్యలేదా?"

ప్రేమలత కాగితం తన వైపు తిప్పుకుని చదివింది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"గిది నువ్వే రాసినవా?"

"జీతం లేదు కదా అని రాసిన."

"ఏమీ లేదా? మీ అమ్మకు వీపు పుండ్లు పడకుండ రెండు గంటలకోసారి తిప్పిందెవరు? గుడిల నుంచి మహాకాళి వచ్చి తిప్పిందా?"

నేను ఊరందరితో 'మా ఆమె పుణ్యం కట్టుకుంది' అని చెప్పినవాణ్ణి. ఫారంలో పుణ్యానికి గడి లేదని 'ఏమీ లేదు' అని రాశాను.

ప్రేమలత నా జేబులోంచి పెన్ను లాక్కుని ఆ రెండు మాటలు కొట్టేసింది. పైన 'పక్షవాతం రోగి సంరక్షణ, ఎనిమిదేళ్లు' అని మరాఠీలో రాసి మేడం ముందుకు తోసింది.

మేడం నొచ్చుకోలేదు. "మీరు మానేసినప్పుడు కణాలు మైక్రోస్కోపులో లెక్కపెట్టేవారు. ఇప్పుడు మిషన్ లెక్కపెడుతుంది, రిపోర్టు కంప్యూటర్‌లో వస్తుంది. మీ పాత సీనియర్ పోస్టు ఇవ్వలేను. ఆరు నెలలు జీతం లేకుండా నేర్చుకోండి, తర్వాత చూద్దాం."

"జీతం లేని పని ఎనిమిదేళ్లు చేసిన, మేడం. ఇంక చెయ్య."

మేడం ఫారం పక్కన పెట్టబోతే ప్రేమలత దాని మీద చెయ్యి వేసింది.

"మిషన్ నాకు రాదు. వస్తదని అబద్ధం చెప్ప. పాత కుర్చీ అడుగ. కాని రక్తం తీసుడు మర్చిపోలే. మా అత్తకు నరం దొరకకపోయేది. మూడు నెలలకోసారి నేనే తీసి మీ ల్యాబుకే పంపిన. ఈయనే తెచ్చేటోడు. ఒక్కటన్న గడ్డకట్టిందని తిప్పి పంపిన్రా?"

మేడం కంప్యూటర్‌లో అమ్మ పేరు కొట్టి చాలాసేపు చూసింది.

"ఒక్కటీ తిప్పి పంపలేదు," అంది. "సరే. పొద్దున ఆరు నుంచి పది దాకా ఇళ్లకు పోయి నమూనాలు తియ్యండి. మొదటి రోజు నుంచే జీతం. పది తర్వాత గంటన్నర మిషన్ నేర్చుకోండి, దానికీ గంట లెక్కన ఇస్తాను. నాలుగు నెలల తర్వాత మళ్లీ మాట్లాడదాం. ఈలోపు పారామెడికల్ కౌన్సిల్ కాగితాలు సరిచేసుకోండి."

జీతం పాతదానికంటే తక్కువే. ప్రేమలత ఒప్పుకుంది.

మెట్లు దిగుతుంటే నా ఫోను మోగింది. పక్క ఊరు ఘుగ్గుస్ నుంచి మా అనసూయ అక్క. ఆమె అత్తకు తుంటి విరిగి ఆపరేషన్ అయింది. స్పీకరు వెయ్యమని ప్రేమలత సైగ చేసింది.

"తమ్మీ, సోమవారం ప్రేమలతను తోలిస్తనంటివి కదా. మూడు నెలలే. ఆమెకు అలవాటైన పనే."

ప్రేమలత నన్నే చూస్తోంది. మాసికం నాడు నేను మాట ఇచ్చాను. ఆమెను అడగలేదు.

"నన్ను అడగకుండనే ఇచ్చినవా?" అంది ఆమె. "వదినా, ఈయన మాట ఇచ్చిండు కదా. ఈయననే తోలిస్త."

అక్క ఫోను పెట్టేసింది.

ఇద్దరం తిరుగుదారి పట్టాం. గుడి ముందు నేను అలవాటుగా చెప్పులు విప్పబోయాను.

"దండం తర్వాత పెట్టుకోవచ్చు. ముందు దుకాణం ఎవరు చూస్తరో తేల్చుకో," అని ప్రేమలత ముందుకు నడిచింది.

లోపలికి పోలేకపోయాను. ఈ సేవ అంత గొప్పదైతే ఎనిమిదేళ్లలో ఒక్క పూటైనా నేనెందుకు చెయ్యలేదమ్మా అని బయటినుంచే మహాకాళిని అడిగాను.

సోమవారం పొద్దున ఐదున్నరకు ప్రేమలత నమూనాల పెట్టె భుజాన వేసుకుని వెళ్లింది. దుకాణం మూసి నేను ఘుగ్గుస్ బస్సెక్కాను. అక్క మొహం మాడ్చుకుని తలుపు తీసింది. ముసలమ్మ కింద దుప్పటి తడిసింది. ఎటు పట్టి మార్చాలో తెలియలేదు. చెయ్యి వేస్తే ఆమె కేకపెట్టింది. బయటికి వచ్చి ప్రేమలతకు ఫోన్ చేశాను.

"దుప్పటి ఎట్ల మార్చాలె?"

"డ్యూటీల ఉన్న. చేతిల సూది ఉంది. పనయినంక నేనే ఫోన్ చేస్త," అని పెట్టేసింది.

గడియారం చూశాను. ఎనిమిదీ ఇరవై. ఆమె డ్యూటీ పది దాకా.