చోటు చాలని ఆదివారం

సోమవారం పొద్దున నిరోషకు గుంటూరులో ఆపరేషన్. గొంతులోని కణితితో పాటు స్వరపేటికనూ తీసేస్తారు. ప్రాణానికి ఢోకా లేదనీ, మాట మాత్రం ఉండదనీ డాక్టరు ముందే చెప్పాడు. ఆదివారం రాత్రికల్లా ఆసుపత్రిలో చేరాలి. కారు ఆరింటికి వస్తుంది.

అక్కడి స్పీచ్ థెరపిస్టు, చిన్నవయసు అమ్మాయి, నవీన్‌కు ఒక దారి చెప్పింది. ఇప్పుడున్న గొంతును రికార్డు చేసి పెట్టుకుంటే, తరవాత ఆమె ఫోన్‌లో టైపు చేసిన మాటల్ని కంప్యూటరు ఆ గొంతుతోనే పలుకుతుందట. "అచ్చం అలాగే ఉండదు సార్, కానీ ఆవిడ గొంతేనని తెలుస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసినా సరిపోతుంది. చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి ఏదో ఒకటి మాట్లాడించండి," అంది.

ఫోన్ మాట నవీన్‌కు రుచించలేదు. వాళ్లుండే నరసరావుపేటలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులన్నీ అతని చేతి మీదుగా నడుస్తాయి. ఇలాంటి పనికి విడిగా ఒక ప్రోగ్రాం ఉందని వెతికి పట్టుకున్నాడు. చదవాల్సిన వాక్యాలను అదే తెర మీద చూపిస్తుంది. గొంతు స్పష్టంగా పడిందో లేదో అదే చెబుతుంది. చేస్తే సరిగ్గా చెయ్యాలి అనుకున్నాడు. కాలేజీ నుంచి మంచి మైకు తెచ్చాడు. పెద్ద ప్రోగ్రాం కాబట్టి శనివారం రాత్రంతా డౌన్‌లోడ్ కానిచ్చి, ఆదివారం పొద్దున్నే ముందుగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

కొన్ని వారాలుగా నిరోష గొంతు పొద్దున పూటే పలుకుతోంది. మధ్యాహ్నం దాటితే బొంగురుపోయి, సాయంత్రానికి ఉత్త గాలి అవుతుంది. నకరికల్లు బడిలో మూడో తరగతికి పాఠం చెబితే పక్క తరగతి పిల్లలు కూడా ఎక్కాలు అప్పజెప్పిన గొంతు అది.

"ఇదయ్యే దాకా మాట్లాడమాక నిరోషా. గొంతు దాచిపెట్టు," అన్నాడు నవీన్.

"ఎంతసేపు పట్టుద్ది బావా?"

"అరగంట. మాట్లాడొద్దన్నానా."

ఆమె నవ్వి, పెదాల మీద వేలు పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. రెండో తరగతి చదువుతున్న కూతురు ధరణిని పిలిచి, అమ్మను పలకరించవద్దని నవీన్ గట్టిగా చెప్పాడు.

ప్రోగ్రాం ఎక్కడ పెట్టాలని ఇన్‌స్టాలర్ అడిగితే డి డ్రైవ్ చూపించాడు. అక్కడ కావలసినంత ఖాళీ ఉంది. పని ఎంతయిందో చూపే గీత సగం దాటి నిండి ఆగిపోయింది. డిస్క్‌లో చోటు చాలదని తెర మీద చిన్న పెట్టె. డి తెరిచి చూశాడు, ఖాళీగానే ఉంది. విండోస్ ఉండే సి డ్రైవ్ మాత్రం నిండిపోయి ఎర్రబడింది.

కారణం అతనికి వెంటనే తెలిసింది. ప్రోగ్రామును ఎక్కడ పెట్టమన్నా, దాని మూటను ముందు విప్పుకునేది సి లోని టెంప్ ఫోల్డర్‌లోనే. అది తాత్కాలికంగా వాడుకునే చోటు. అక్కడ విప్పి, సర్ది, ఆ తరవాతే డి కి మోస్తుంది. విప్పడానికే చోటు లేకపోతే అవతల ఎంత ఖాళీ ఉన్నా ఒకటే. ఏటా ల్యాబులో పిల్లలకు తనే చెప్పే సంగతి. పొద్దున ఎందుకు గుర్తు రాలేదో మరి.

చోటు ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. రీసైకిల్ బిన్ ఊడ్చాడు. సినిమాలు, పాత ప్రశ్నపత్రాలు డి లోకి మార్చాడు. మళ్లీ నడిపితే ఇంకా ముందే ఆగింది. ఆగిపోయిన మొదటి ప్రయత్నం తను విప్పుకున్నదంతా టెంప్‌లోనే పారేసి పోయింది. కాస్త ఖాళీ చేసిన చోటును ఆ చెత్తే మింగింది.

ఫోన్ మోగింది. వంటింట్లోంచి నిరోష వాట్సాప్‌లో పంపింది. 'టిఫిన్ తింటావా?'

'ఆగు', అని కొట్టాడు.

పక్కింటి బసవమ్మ గోంగూర కట్టతో లోపలికి వచ్చింది. ఆపరేషన్ రోజుల్లో ధరణిని ఆమె దగ్గరే ఉంచబోతున్నారు. "ఏందే నిరోషా, పలకవు? మొగుడితో తగువా?"

నిరోష తల అడ్డంగా ఊపి నవీన్ వైపు చూపించింది.

"దాన్ని మాట్లాడించమాక పిన్నీ. గొంతు రికార్డు చెయ్యాల," అన్నాడు నవీన్ తెర మీంచి చూపు తిప్పకుండా.

"అయితే చెయ్యవయ్యా. మనిషి ఎదురుగానే ఉందిగా."

"మిషను రెడీ కావాల గదా."

"నీ మిషను చల్లగుండ. నిన్నటిదాకా దీని నోరు ముయ్యలేక చచ్చేవాళ్లం, ఇయ్యాల నువ్వు మూయించావు," అని బసవమ్మ నవ్వబోయి, నిరోష మొహం చూసి గోంగూర అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

నవీన్‌కు తన లోపల జరుగుతున్నది ఒకటి తెలుస్తూనే ఉంది. గీత ఆగిన ప్రతిసారీ ముందు చిరాకు వచ్చేది. దాని కింద మరొకటి మెత్తగా కదిలేది. అది ఊరట. పని పూర్తయితే నిరోష ఎదురుగా కూర్చోవాలి. ఆమె ఒక్కొక్క వాక్యం చదువుతుంటే, ఇది ఇక వినపడదు, ఇదీ వినపడదు అని లెక్క పెట్టుకుంటూ వినాలి. డిస్కులో చోటు లేకపోవడం అనే కష్టానికి మందు ఉంది. ఆ మందు అతనికి తెలుసు. అలాంటి కష్టం ఒకటి చేతిలో ఉన్నంతసేపూ, మందు లేనిదాని వైపు చూడక్కర్లేదు. ఇదంతా తెలిసి కూడా అతను కుర్చీలోంచి లేవలేదు. తెలియడానికీ లేవడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో అతనికి ఆ రోజే అర్థమైంది.

చెత్త తుడిచేసి, డి లో కొత్తగా ఒక ఫోల్డర్ చేశాడు. విండోస్ సెట్టింగుల్లో టెంప్, టీఎంపీ అనే రెండు పేర్లుంటాయి. ప్రోగ్రాములు తమ తాత్కాలిక చోటును వాటిని చూసే తెలుసుకుంటాయి. రెండింటినీ ఆ కొత్త ఫోల్డర్ వైపు తిప్పాడు. ఇక ఇబ్బంది లేదనుకుని, కమాండ్లు టైపు చేయడానికి పొద్దుటి నుంచి తెర మీద తెరిచి ఉంచిన నల్ల కిటికీలోంచే ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపాడు.

ఫోన్ మోగింది. 'బావా, నీతో మాట్లాడాలి.'

'ఇంకాసేపే. ఇప్పుడు అయిపోద్ది.'

కాలేదు. సి మళ్లీ ఎర్రబడింది. నవీన్ నుదురు పట్టుకున్నాడు. తెరిచిన కిటికీ, తెరిచినప్పటి సెట్టింగులనే పట్టుకుని ఉంటుంది. బయట ఏం మారినా దానికి అక్కర్లేదు. అందులోంచి పుట్టిన ఇన్‌స్టాలర్‌కు కూడా ఆ పాత చిరునామానే అందింది. అన్నీ మూసి, సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి వచ్చాడు. కొత్త కిటికీ తెరిచి టెంప్ ఎక్కడని అడిగితే ఈసారి డి అని చెప్పింది. టెంప్‌లో మిగిలిన చెత్తను మరోసారి ఊడ్చి మొదలుపెట్టాడు.

గీత నిదానంగా నిండుతోంది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. నిరోష అన్నం కలిపి ధరణికి పెడుతోంది. మామూలుగా ఆ ముద్దల వెంట కథ ఒకటి నడుస్తుంది. ఆ రోజు లేదు. పిల్ల రెండుసార్లు "అమ్మా, ఆ కోతి ఏమైందే?" అని అడిగి, తండ్రి వైపు చూసి తనే నోరు మూసుకుంది. గిన్నెకు చెయ్యి తగిలిన చప్పుడు కూడా ముందుగదిలోకి వినిపిస్తోంది.

ప్రోగ్రాం ఎక్కింది. నవీన్ దాన్ని తెరిచాడు. గొంతును పోల్చుకునే పెద్ద ఫైళ్లను అది నెట్‌లోంచి తెచ్చుకోవడం మొదలుపెట్టి, మధ్యలో మళ్లీ ఆగింది. ఈసారి అడ్డం పడింది టెంప్ కాదు. ఆ ఫైళ్లను దాచుకోవడానికి సి లోని యూజర్ ఫోల్డర్‌లో అది విడిగా ఒక చోటు పెట్టుకుంది. టెంప్‌ను మార్చినా దాని దారి మారదు. నవీన్ ఆ ఫోల్డర్‌ను డి లోకి మార్చి, పాత చోట అదే పేరుతో డి కి దారి చూపే లింకు పెట్టాడు. ప్రోగ్రాం తాను సి లోనే రాస్తున్నాననుకుంటుంది, బరువంతా డి మీద పడుతుంది. అది పనిచేసింది. చక్కగా పనిచేసింది. ఆ క్షణాన నవీన్ మొహంలో ఒక మెరుపు వచ్చింది, నిజమైన సంతోషం. ఎవరితోనైనా చెప్పాలనిపించింది.

"నిరోషా, రా. అయిపోయింది."

గోడ గడియారంలో నాలుగు దాటింది.

ఆమె వచ్చి కూర్చుంది. మైకు సరిచేశాడు. తెర మీద మొదటి వాక్యం పడింది. 'రైలు రెండవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది.' నిరోష నోరు తెరిచింది. ముందు గరగర వచ్చింది. గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టింది. 'రైలు' వరకే మాట, ఆ తరవాత గాలి. శబ్దం చాలలేదు, మళ్లీ చదవండి అంది ప్రోగ్రాం. మళ్లీ చదివింది. శబ్దం చాలలేదు.

"కాసిని వేన్నీళ్లు తాగి చూడు. పొద్దుటి నుంచి మాట్లాడలేదుగా, ఉండాలే," అన్నాడు నవీన్. అంటుండగానే ఆ మాట ఎంత తెలివితక్కువదో అతనికి వినిపించింది. మాట్లాడకుండా ఉంటే గొంతు పోగుపడుతుందని అతనికి ఎవరు చెప్పారు? పొద్దున ఉన్నది పొద్దునే ఉంది. బల్ల మీద, మైకు పక్కనే, ఫోన్ కూడా రోజంతా ఉంది.

నిరోష మూడోసారి చదవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, అతనికి మాత్రమే వినపడేలా అంది. "బావా. రేపట్నించి ఎటూ మూగదాన్నే గదా. ఈ ఒక్క రోజు ముందుగా ఎందుకు చేశావు?"

అందులో కోపం లేదు. అడిగింది, అంతే. జవాబు అతని దగ్గర ఉంది. భయమేసింది అంటే చాలు. పళ్ల దాకా వచ్చింది కూడా. "మిషన్‌లో చోటు చాల్లేదు నిరోషా," అన్నాడు.

ఆమె అతని చెయ్యి మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తరవాత లేచి బ్యాగు సర్దుకోవడానికి వెళ్లింది. నవీన్ ఆమె వెనకే గదిలోకి వెళ్లి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మంచం మీద ఉంచాడు. చీరలు మడతపెట్టే చప్పుడు, జిప్పు చప్పుడు పడ్డాయి.

కారు వచ్చింది. బసవమ్మ గేటు దగ్గర ధరణి చెయ్యి పట్టుకుని నిలబడింది. నిరోష కారు ఎక్కబోయి ఆగి, వెనక్కి తిరిగి బసవమ్మతో ఏదో అంది. పెదాలు కదిలాయి.

"ఏందే? వినపళ్లా," అంది బసవమ్మ చెవి ముందుకు పెట్టి. కారు ఇంజను నడుస్తోంది.

నిరోష నవీన్ వైపు చూసింది. అతను వంగి తన చెవిని ఆమె నోటి దగ్గర పెట్టాడు. వెచ్చని ఊపిరి, అందులో మాటలు. రోజంతా ఆమెకు ఇంత దగ్గరగా రాలేదు.

"జడ గట్టిగా లాగి వెయ్యొద్దంట పిన్నీ, ఏడుస్తదంట," అన్నాడు పైకి.

"వెయ్యన్లేవే."

మళ్లీ వంగాడు. "పెరుగు వేస్తేనే ఆఖరి ముద్ద తింటదంట."

"నాకు తెలవదా ఏంది," అంటూ బసవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

నిరోష ఇంకా చెబుతూనే ఉంది. ధరణి ఒక అడుగు ముందుకు వేసి, అమ్మ మొహాన్ని వదిలేసి తండ్రి నోటినే చూస్తూ నిలబడింది. నవీన్ పిల్ల వైపు తిరిగాడు.

"కోతి చెట్టు దిగలేదంట," అన్నాడు. తరవాతి మాట కోసం మళ్లీ వంగాడు.